సన్నజాజి అని కొన్న తీగ నిజంగా ఏ జాతి? ఫొటోలు చూసి చెప్పండి

నల్గొండ_పెరడు
అందరికీ నమస్కారం. రెండేళ్ల కింద నర్సరీలో సన్నజాజి అని చెప్పి ఇచ్చిన తీగ ఇది. ఇప్పుడు నవంబరులో గుత్తులు గుత్తులుగా మొగ్గ వేసింది. మూడు ఫొటోలు పెడుతున్నాను. మొదటిది విచ్చుకున్న పువ్వు, పైనుంచి తీసింది. రేకులు ఏడు, సన్నగా, కొసలు మొనదేలి ఉన్నాయి. రెండోది గోడ మీదికి పాకిన తీగ మొత్తం. మూడోది మొగ్గల గుత్తి. వాసన చాలా తక్కువ, ముక్కు దగ్గర పెడితేనే తెలుస్తుంది. పక్కింటి పెద్దాయన ఇది మల్లే, ఇప్పుడే కొమ్మలు కత్తిరించి నీళ్లు ఆపెయ్యి అంటున్నారు. ఇది సన్నజాజా, మల్లెనా? ఇప్పుడు కత్తిరించవచ్చా?

సూర్యాపేట_శీను
రేకులు లెక్కపెట్టండి చాలు. అయిదు ఉంటే జాజి, అంతకు మించితే మల్లె. మీ ఫొటోలో ఏడున్నాయి కాబట్టి మల్లె. మల్లెకు నవంబరు చివర కత్తిరింపు చేస్తారు, పెద్దాయన చెప్పింది సరైనదే.

మిర్యాలగూడ_మౌనిక
వాసన తగ్గిందంటే తీగకు బలం లేదని అర్థం. వేపపిండి, మాగిన పశువుల ఎరువు వేయండి, పై మట్టి గుల్ల చేయండి. నెల తర్వాత పువ్వు సైజు కూడా పెరుగుతుంది.

ఆకులు_కణుపులు
శీను గారి మాటలో సగం నిజం ఉంది. జాజికి సాధారణంగా అయిదు రేకులే. కానీ అయిదు దాటినవన్నీ మల్లెలు కావు. చిన్న మొగ్గల అడవి జాజికి ఒకే తీగ మీద అయిదు నుంచి ఎనిమిది దాకా వస్తాయి. కాగడాకు ఆరు నుంచి తొమ్మిది. ఒంటిరేకు మల్లెకూ అంతే. అంటే ఏడు రేకులు కనపడగానే మూడు జాతుల్లో ఏదైనా కావచ్చు. అందుకే రేకుల లెక్కను చివరికి ఉంచుకోవాలి.

మౌనిక గారూ, వాసన జాతిని బట్టి వస్తుంది. ఎరువుతో పువ్వులు పెరుగుతాయేమో గానీ, వాసన లేని జాతికి వాసన పుట్టదు. ఆయన అడిగింది కూడా జాతి గురించే.

నల్గొండ గారూ, మీ మూడు ఫొటోల్లో ఒక్కదానితో కూడా తేల్చలేం, ఎందుకంటే పువ్వును పైనుంచే తీశారు. తెల్ల పువ్వులన్నీ పైనుంచి చుట్టాల్లాగే కనిపిస్తాయి. అసలు గుర్తులు పువ్వు వెనక, ఆకు మొదట్లో ఉంటాయి. ఇంకో నాలుగు ఫొటోలు కావాలి:

1. పువ్వును తిప్పి వెనకవైపు. ముచ్చిక, దాని నుంచి పైకి లేచిన పచ్చని పోగులు, కాడ మూడూ ఒకే ఫొటోలో రావాలి.
2. ఒక్క కణుపు దగ్గరగా. ఆకులు కొమ్మకు ఎక్కడ అతుక్కున్నాయో కనపడాలి.
3. లేత కొమ్మ, లేత ఆకు అడుగుభాగం.
4. ముదురు కొమ్మ మీద ఒక ఆకు, పక్కన స్కేలు పెట్టి.

ఎండలో తీస్తే తెల్ల రేకులు వెలిసిపోయి ఒకే ముద్దలా పడతాయి. పొద్దున్నే నీడలో, వెనక ముదురు రంగు గుడ్డ పట్టుకుని, ఫోన్‌లో వెలుతురు కాస్త తగ్గించి తీయండి. గాలికి కదులుతుంటే కొమ్మను రెండు వేళ్లతో కణుపు కింద పట్టుకోండి.

వనపర్తి_పూలరైతు
అన్నా, ఫొటోలు వచ్చేదాకా కత్తెర ముట్టకుండ్రి. మల్లె అయితే ఇప్పుడు గిట్ల గుత్తులకు గుత్తులు మొగ్గ రాదు, దాని పూత మాఘం పోయినంక మొదలైతది. నాకు ఆ మొగ్గల గుత్తి చూస్తే కాగడా లెక్కనే కొడుతున్నది. మార్కెట్ల దండలకు ఎక్కువ పోతది గదా, గదే. అయినా సారు అడిగిన ఫొటోలు పెట్టుండ్రి, చూద్దాం.

నల్గొండ_పెరడు
ఈ పొద్దున తీశాను. మీరు అడిగిన వరుసలోనే పెడుతున్నాను.

ముచ్చిక నుంచి పచ్చని పోగులు ఏడో ఎనిమిదో ఉన్నాయి, సూదుల్లా నిటారుగా. స్కేలు పెడితే ఒక్కోటి 8 మిల్లీమీటర్ల దాకా ఉంది. వాటి మీద నూగు బాగా కనపడుతోంది. కాడ సెంటీమీటరున్నర పైనే ఉంది. మొగ్గ మీద గానీ రేకు వెనక గానీ ఎరుపు లేదు, మొత్తం తెలుపే. లేత కొమ్మను వేళ్లతో రాస్తే మెత్తటి ముఖమల్ గుడ్డలా ఉంది. ఆకు పొడవు 5 సెంటీమీటర్లు, కొస మొనదేలింది.

కానీ ఒక అనుమానం. రెండో ఫొటోలో ఒక చిన్న పుల్ల మీద మూడు జతల ఆకులు వరుసగా, ఒకే తలంలో పరిచినట్టు ఉన్నాయి. ఇది జాజి ఆకు కాదా? జాజికి ఒక ఈనె మీద ఏడు తొమ్మిది చిన్నాకులు ఉంటాయని చదివాను.

ఆకులు_కణుపులు
చాలా మంచి ఫొటోలు, చాలా మంచి అనుమానం. ఫొటోల్లో ఎక్కువమంది పొరపడేది ఇక్కడే, కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

జాజి ఆకు అంటే నిజానికి ఒకే ఆకు, అది చిన్న చిన్న ఆకులుగా చీలి ఉంటుంది. మీ పుల్ల మాత్రం ఒక కొమ్మ, దాని మీద విడి ఆకులు జతలుగా ఉన్నాయి. రెండూ ఫొటోలో ఒకేలా కనిపిస్తాయి. తేడా పట్టుకోవడానికి రెండు చోట్ల చూడాలి.

మొదటిది, చిన్నాకు మొదట్లో సందు. కొమ్మ మీద ఉన్న ప్రతి నిజమైన ఆకు చంకలో ఒక చిన్న చిగురు మొగ్గ ఉంటుంది. చీలిన ఆకులోని చిన్నాకుల చంకలో ఏమీ ఉండదు. ఆ ఆకు మొత్తానికి ఒకే చిగురు, అది ఈనె కొమ్మకు అతికిన చోట ఉంటుంది. మీ ఫొటోను పెద్దది చేసి చూడండి, రెండో జత ఆకుల చంకల్లో గింజంత పచ్చని మొటిమలు కనపడుతున్నాయి.

రెండోది, కొస. జాజి ఆకు చివర ఒంటి చిన్నాకుతో ముగుస్తుంది. చాలాసార్లు ఆ చివరిది దాని కింది జతతో మొదట్లో కలిసిపోయి మూడు తమ్మెల ముక్కలా ఉంటుంది. మీ పుల్ల చివర మొగ్గల గుత్తి ఉంది. ఆకు ఎప్పుడూ పూమొగ్గతో ముగియదు. ఆ ఒక్క మాటతోనే అది కొమ్మ అని తేలిపోయింది.

కాబట్టి మీది విడి ఆకు, ఎదురెదురు జతలు. జాజి పోయింది. జాజికి ముచ్చిక పోగులు అయిదే ఉంటాయి, మొగ్గ వెనక గులాబి ఛాయ ఉంటుంది. మీ పువ్వుకు ఆ రెండూ లేవు.

అడవి జాజి కూడా కాదు. దానికి ఆకు మొదట్లో రెండు చిట్టి చెవుల్లాంటి ఆకులు ఉంటాయి, కొన్ని ఆకులకు అవి రాలిపోయో రాకుండానో ఉంటాయి గనుక ఒక ఆకు చూసి తీర్పు చెప్పకూడదు, కనీసం పది కణుపులు చూడాలి. దానికన్నా గట్టి గుర్తు ముచ్చిక. అడవి జాజి ముచ్చిక పొట్టి గిన్నెలా ఉంటుంది, అంచున పళ్లు ఉన్నాయా లేవా అన్నంత చిన్నవి. మీ పువ్వుకు 8 మిల్లీమీటర్ల సూదులున్నాయి. పొరపాటుకు వీల్లేదు.

మిగిలినవి మల్లె, కాగడా. రెండింటికీ విడి ఆకులే, రెండింటికీ పోగులు పొడవే. ఇక్కడ నూగు తేలుస్తుంది. మల్లె ఆకు ముదిరాక నున్నగా, వెడల్పుగా ఉంటుంది, అడుగున పక్క ఈనెలు మధ్య ఈనెతో కలిసే మూలల్లో మాత్రం చిన్న కుచ్చుల్లా నూగు మిగులుతుంది. మల్లె పువ్వులు కొమ్మ చివర ఎక్కువగా మూడేసి వస్తాయి. కాగడాకు కొమ్మ, ఆకు అడుగు, ముచ్చిక పోగులు అన్నిటి మీదా దట్టంగా నూగు, పక్క రెమ్మల చివర్లలో కిక్కిరిసిన గుత్తులు, మొనదేలిన రేకులు. మీ ఫొటోలు నాలుగూ కాగడానే చెబుతున్నాయి. కావ్యాల్లో పళ్ల వరుసకు పోల్చే కుందం కూడా ఈ జాతిదే.

వనపర్తి_పూలరైతు
అదే అన్న నేను. అన్నా, ఇగ కత్తిరింపు సంగతి. ఇప్పుడు కోస్తే ఈ మొగ్గంత చెత్తకుప్పల పోతది. కాగడా వానకాలం నుంచి చలికాలం దాక పూస్తది, మొగ్గ కొత్త రెమ్మల కొసకే వస్తది. పూత అయిపోనియ్యి, అప్పుడు కొయ్యి. నీళ్లు కూడ ఇప్పుడు ఆపకు. మొగ్గ మీద ఉన్నప్పుడు నేల ఎండితే మొగ్గ ఎర్రబడి విచ్చుకోకుండ రాలుతది. పెద్దాయన చెప్పింది మల్లెకు కరెక్టే, మల్లెకు ఇప్పుడు నీళ్లు తగ్గించి ఆకు రాలినంక కోస్తం. జాతి తెల్వకుండ కోస్తేనే తప్పు.

సూర్యాపేట_శీను
రేకుల లెక్క నమ్ముకోవద్దని అర్థమైంది. మరి గుండుమల్లె సంగతేమిటి? దానికి ముచ్చిక పోగులు రేకుల కిందే దాగిపోతాయి కదా?

ఆకులు_కణుపులు
ముద్దరేకు మల్లెల్లో పువ్వు కన్నా మొగ్గను వెనక నుంచి తీయడం మేలు. సాయంత్రం నాలుగు, అయిదు మధ్య మొగ్గ నిండుగా ఉన్నప్పుడు పోగులు బాగా కనపడతాయి. రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి రేకులు వెనక్కి వాలి అన్నీ కప్పేస్తాయి. ఇంకో మాట, మల్లె ఏపుగా లేచిన కొమ్మల మీద ఒక్కో కణుపుకు రెండు బదులు మూడు ఆకులు వస్తుంటాయి. ఎదురెదురు కాదు కాబట్టి మల్లె కాదు అని తోసేయకండి. మల్లె అని తేలాక అందులో ఏ రకం అన్నది ఫొటోతో చెప్పమంటే నేను చెప్పను. నేల, నీరు, ఋతువును బట్టి ఒకే మొక్క మీద మొగ్గ గుండ్రంగానూ కోలగానూ వస్తుంది.

దేవరకొండ_లక్ష్మి
అన్నా, మా ఇంటి ముందు చెట్టు గురించి కూడా చెప్పండి. దీన్ని కూడా జాజి అనే ఇచ్చారు. రేకులు అయిదు, తెల్లగా. ఆకులు విడివిడిగా, ఎదురెదురు, ముదురు ఆకుపచ్చ, మెరుస్తున్నాయి. సాయంత్రం నుంచి కొద్దిగా వాసన వస్తుంది. ఎంత పెరిగినా పాకడం లేదు, పొదలాగే ఉంది. ఫొటో పెట్టాను, పువ్వు వెనక కూడా తీశాను.

ఆకులు_కణుపులు
లక్ష్మమ్మా, రేకుల అంచు చూడండి. ప్రతి రేకూ ఒక పక్కకు ఒరిగి, పక్కదాని మీద అంచు వేసుకుని, తిరిగే పంకా రెక్కల్లా ఉన్నాయి. మల్లె జాజుల రేకుల్లో ఆ మెలి ఉండదు, నడిమిన గీత గీస్తే రెండు సగాలూ ఒకటే. ఇక మీ ఫొటోలో పైనుంచి మూడో కణుపు దగ్గర ఎదురెదురు ఆకుల్లో ఒకటి పెద్దది, ఒకటి దాదాపు సగం. ఈ రెండూ చూస్తే గరుడవర్ధనం. నందివర్ధనంలోనే ఒంటిరేకుది.

ఖాయం చేసుకోవడానికి ఒక ఆకు తుంచండి. తొడిమ దగ్గర తెల్లని పాలు వస్తే ఇక సందేహం లేదు. మల్లె, జాజి, కాగడా ఏవీ పాలు కారవు. ఆ పాలు కంట్లో పడనీయకండి, చేతులు కడుక్కోండి.

దేవరకొండ_లక్ష్మి
తుంచాను, పాలు వచ్చాయి. చాలా థ్యాంక్స్ అన్నా. నేను ఇన్నాళ్లూ పందిరి వేద్దామని చూస్తున్నాను. ఇక అక్కర్లేదు.

మిర్యాలగూడ_మౌనిక
నేను ప్రశ్న సరిగా చదవలేదు, క్షమించండి. అయితే నాకూ ఒక సందేహం. మా అపార్ట్‌మెంట్ కంచెకు ఉన్న మొక్కకు చీలిన ఆకులే, ఏడు చిన్నాకులు. రేకులు అయిదు, వాసన ఘాటు. చిన్నాకుల చంకలో చిగురు లేదు. అంటే జాజి అని ఖాయం చేసుకోవచ్చా?

ఆకులు_కణుపులు
ఇంకా తొందరపడకండి. ఆ చీలిన ఆకు కొమ్మకు ఎలా అతికిందో చూడండి. జాజిలో కణుపుకు రెండు ఆకులు ఎదురెదురు. ఆకు మార్చి ఆకు, అంటే ఒకటి ఈ పక్క, తర్వాతిది పైన ఆ పక్క ఉంటే జాజి కాదు. చిన్నాకులు కూడా ఎదురెదురు కాక ఎడంగా ఉన్నాయేమో చూడండి. ఒక చిన్నాకు నలిపి వాసన చూడండి.

మిర్యాలగూడ_మౌనిక
ఆకులు మార్చి మార్చే ఉన్నాయి. చిన్నాకులు కూడా. నలిపితే నిమ్మాకు, కరివేపాకు మధ్య ఏదో వాసన.

ఆకులు_కణుపులు
నర్సరీల్లో కామిని అంటారే, అది. కరివేపాకుకు, నిమ్మకు చుట్టం. రేకులు ఒక్కొక్కటీ విడిగా ఊడి వస్తాయి, నడుమ పది కేసరాలు బయటికే కనిపిస్తాయి. జాజి పువ్వులో రేకులన్నీ కింద కాడగా కలిసిపోతాయి, కేసరాలు రెండే, అవీ కాడ లోపలే. ఫొటోలో నడుమ కేసరాలు గుంపుగా బయటికి వచ్చి కనపడితే మల్లెజాతిని వదిలేయవచ్చు.

అచ్చంపేట_దారి
నల్లమల అంచున మేం చూసే వాటి సంగతి కూడా ఇక్కడే అడుగుతున్నాను. వాక్కాయ పూత వచ్చినప్పుడు కొత్తవాళ్లు అడవి మల్లె అంటుంటారు. పువ్వు ఫొటో దగ్గరగా తీస్తే ముళ్లు పడవు, అదే చిక్కు. ఒక్క జానెడు వెనక్కి జరిగి తీస్తే ముళ్లు వస్తాయి, తుంచితే పాలు కూడా. ఆ రెండూ మల్లెకు లేవు కాబట్టి అది తేలికే.

నాకు తేలనిది ఇంకోటి. ఎండాకాలంలో తీసిన ఫొటో ఇది. మధ్యరకం చెట్టు, విడి ఆకులు ఎదురెదురు, పాలు ఉన్నాయి, కొమ్మ కొసల్లో తెల్లని గుత్తులు, మంచి వాసన. అంకుడా, కొడిసెనా? మా దగ్గర కొందరు రెండింటినీ పాలచెట్టు అనే అంటారు.

ఆకులు_కణుపులు
అంకుడు పువ్వు నడుమ రేకుల మొదట్లో తెల్లని పీచు కుచ్చు నిలబడి ఉంటుంది. కొడిసె పువ్వు నడుమ ఆ కుచ్చు ఉండదు, గొంతు ఖాళీగా కనపడుతుంది. మీ ఫొటోలో సరిగ్గా నడుమే వెలుతురు ఎక్కువై వెలిసిపోయింది. నేను చెప్పలేను.

ఇప్పుడు చెట్టుకు కాయ ఉంటుంది, అది చూస్తే సరి. రెండింటికీ జంట కాయలే, సన్నగా, జానెడుకు పైనే. పచ్చి మీద అంకుడు జంట కొసన అతుక్కుని ఉంటుంది. కొడిసె జంట మొదట్లోనే విడిపోయి వేలాడుతుంది. ఎండి నేల మీద పడ్డ కాయ చూడకండి, అంకుడు కాయలు కూడా పండాక విడిపోతాయి.

నల్గొండ_పెరడు
కత్తెర లోపల పెట్టేశాను, నీళ్లు రెండు రోజులకోసారి పోస్తున్నాను. చివరగా ఒకటి. మరి సన్నజాజి అంటే ఏది? నర్సరీ వాళ్లు కాగడాకు ఆ పేరు ఎందుకు పెట్టారు?

వనపర్తి_పూలరైతు
మా దిక్కు సన్నజాజి అంటే చెవుల ఆకుల చిన్న మొగ్గ, దండకు కడితే ముత్యాల లెక్క ఉంటది. కాగడాను సన్నజాజి అని ఎవరు అనరు. మొగ్గ సన్నగ ఉన్నదని ఎవరో పెట్టిన పేరు కావచ్చు.

సూర్యాపేట_శీను
మా ఇంట్లో సన్నజాజి అంటే చీలిన ఆకుల జాజే. మొగ్గ వెనక గులాబి ఉండేది. చెవుల ఆకులదాన్ని విరజాజి అంటాం.

వనపర్తి_పూలరైతు
లేదు శీనన్నా, విరజాజి వేరే. మా మార్కెట్ల విరజాజి అంటే గులాబి గీతదే ఇస్తరు.

ఆకులు_కణుపులు
ఇద్దరి ఊళ్లలోనూ అలా పిలుస్తున్నారు, అది కాదనలేం. నేను చదివిన తెలుగు మొక్కల పుస్తకాల్లోనూ ఈ రెండు పేర్లూ అటూ ఇటూ మారుతూనే ఉన్నాయి. అందుకే మొక్క కొనేటప్పుడు పేరు అడిగి ఊరుకోకుండా ఒక కణుపు, ఒక ముచ్చిక చూడమంటాను. చీలిన ఆకా, చెవుల ఆకా, నూగు ఆకా? పోగులు పొడవా, అసలు లేవా? ఈ రెండు సంగతులు రాసి ఫొటో పెడితే పేరు ఏదైనా ఇక్కడ ఎవరైనా గుర్తుపట్టగలరు.

అచ్చంపేట_దారి
నిన్న వెళ్లి చూశాను సార్. చెట్టుకు కాయలున్నాయి గానీ అందేంత కిందికి లేవు. ఫోన్‌తో దగ్గరికి లాగి తీస్తే ఒక జంట కొసన కలిసినట్టే ఉంది, దాని పక్క జంట విడిగా ఉంది. ఫొటో పెట్టాను. ఆదివారం దోటి పట్టుకుపోయి ఒక పచ్చి జంట కోసుకొస్తాను. అప్పటిదాకా ఎవరికైనా ఈ ఫొటోలో ఏమైనా తెలిస్తే రాయండి.